మిక్సీ కాగితానిది ఒక వరస, పెట్టెది ఇంకో వరస

ఒక వస్తువు స్పెసిఫికేషన్ షీట్‌ను చక్కటి తెలుగులోకి మార్చి, పెట్టె ముందు కూర్చుని కెమెరా వైపు చూస్తూ చదివితే అది అన్‌బాక్సింగ్ వీడియో అవుతుందని చాలామంది అనుకుంటున్నారు. అవ్వదు. పెట్టె పక్కన పెట్టుకుని కాగితం చదివినట్టు ఉంటుంది, అంతే. అలాంటి వీడియోలు బోలెడు చూశాను. మాటలు తప్పుండవు, ఉచ్చారణ బాగానే ఉంటుంది, అయినా రెండో నిమిషానికి వేలు తెర మీదికి పోతుంది. తెలుగు సరిగ్గా లేకపోవడం వల్ల ఇలా జరగడం లేదు, వరస సరిగ్గా లేకపోవడం వల్ల జరుగుతోంది అన్నది నా అభిప్రాయం. ఈ గోడ మీద సాధారణంగా కవితలూ పుస్తక సమీక్షలూ ఉంటాయి కదా, మధ్యలో మిక్సీ ఏమిటి అనుకోకండి. ఇది వాక్యాల గొడవే.

మా మామయ్యకు హోసూరులో వంటింటి సామాన్ల అంగడి ఉంది. బాగలూరు, బేరికై, తళి వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ బడిలో తమిళమే నేర్చుకున్నారు కాబట్టి తెలుగు చదవలేరు. తెలుగులో ఏం చెప్పినా చెవికే చెప్పాలి. అందుకని కొత్తగా వచ్చిన 750 వాట్ల మిక్సీకి నాలుగు నిమిషాల వీడియో చేద్దామన్నాడు. రాయడం నా వంతు, మాట్లాడటం అత్త వంతు. కంపెనీ పంపిన షీట్ ఇంగ్లీషులో ఉంది, 41 వరసలు.

ఆ 41 వరసలు ఎలా ఉన్నాయంటే, మొదట మోడల్ నంబరు, తర్వాత వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, వాట్లు, మోటారు వేగం, ఎంతసేపు తిప్పవచ్చు, ఇన్సులేషన్ రకం. ఆ తర్వాత జార్లు, వాటి కొలతలు, దేనితో చేశారు. ఆ తర్వాత తీగ పొడవు, బరువు, పెట్టె పొడవూ వెడల్పూ. చిట్టచివర వారంటీ. ఇందులో తప్పేమీ లేదు. మోటారు చేసేవాళ్ల లెక్కలన్నీ ఒకచోట, జార్లు చేసేవాళ్లవి ఒకచోట, లారీకి ఎక్కించేవాళ్లవి ఒకచోట పెట్టారు. రెండు మిక్సీలను పక్కపక్కన పెట్టి పోల్చాలన్నా, రిపేరుకు వచ్చిన మోటారుకు పార్టు చూడాలన్నా ఇదే మంచి వరస. కానీ పెట్టె విప్పే మనిషికి ముందు కనిపించేది ఫ్రీక్వెన్సీ కాదు, టేపు.

నేను మొదట చేసిన పని, 41 వరసలనూ మూడు కుప్పలు చేయడం. కంటికి కనిపించేవి ఒక కుప్ప: జార్లు ఎన్ని, రంగు, మూత, కింద గాలి పీల్చి పట్టుకునే రబ్బరు కాళ్లు. ఏదైనా చేస్తే తప్ప తెలియనివి రెండో కుప్ప: వేగం, శబ్దం, జారులో ఎంత పడుతుంది, ఎంత మెత్తగా వస్తుంది. మూడోది చూసినా తెలియనివి, చేసినా తెలియనివి, మాటతోనే చెప్పాల్సినవి: వాట్లు, వారంటీ, మోటారును ఎంతసేపు తిప్పవచ్చు అన్నది. నా లెక్కలో మొదటి కుప్పలో 14, రెండో దాంట్లో 9, మిగతా 18 మూడో దాంట్లో పడ్డాయి. అన్‌బాక్సింగ్ స్క్రిప్ట్‌లో అసలు కష్టం ఈ మూడో కుప్పతోనే. కనిపించేవి వాటంతట అవే వరసలోకి వస్తాయి, చేయి ఏది తీస్తే అది. మాటతో చెప్పాల్సిన ప్రతిదానికీ ఆనుకోవడానికి ఒక దృశ్యం వెతకాలి. దొరక్కపోతే దాన్ని స్క్రిప్ట్‌లోంచి తీసి వీడియో కింద రాసే చోట పెట్టాలి. అలా 15 వరసలు కిందికి పోయాయి: పెట్టె కొలతలు, బరువు, ఇన్సులేషన్ రకం లాంటివి. కావాల్సినవాళ్లు అక్కడ చూసుకుంటారు.

ఇక పెట్టె. షీట్‌లో ఎక్కడా రాయని సంగతి ఒకటుంది, పెట్టెలో ఏది పైన ఉంది ఏది కింద ఉంది అన్నది. అది ఊహించి రాస్తే చిత్రీకరణ రోజు నోరు చిన్న జారు అంటుంది, చేతికి పెద్ద జారు వస్తుంది. అంగట్లో చూపించడానికి ఎలాగూ ఒకటి విప్పాలి కాబట్టి ముందు దాన్ని విప్పి, ఒక్కో పొర తీసినప్పుడల్లా ఫోనులో ఒక ఫొటో తీశాను. సీలు తీయని రెండో పెట్టెను షూటింగుకు దాచాం, ఎందుకంటే టేపు కోయడం ఒక్కసారే కుదురుతుంది. మా పెట్టెలో పైన పుస్తకమూ వారంటీ కార్డూ, వాటి కింద అట్టగళ్లలో చట్నీ జారు, పొడి జారు, పెద్ద జారు, అన్నిటికన్నా కింద మోటారు ఉన్న బాడీ. అంటే షీట్‌లో ఏడు వరసలు ఆక్రమించి మొదట కూర్చున్న మోటారు, పెట్టెలో అందరికన్నా చివర బయటికి వస్తుంది. ఈ ఒక్క తేడా చాలు షీట్ వరసను పక్కన పెట్టడానికి.

స్క్రిప్ట్‌ను రెండు నిలువు గడులుగా రాశాను. ఎడమ పక్క చేయి చేసే పని, కుడి పక్క నోటి మాట. ఎడమ గడి ముందు మొత్తం నింపి, ఆ తర్వాతే కుడి గడికి వెళ్లాలి. తిరగేసి రాస్తే మాటలు ఎక్కువైపోయి, వాటికోసం అత్త జారును అరనిమిషం గాల్లో పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. గడియారం పెట్టి చదివి చూస్తే, మాట్లాడే వేగంలో నిమిషానికి దగ్గర దగ్గర 100 తెలుగు మాటలు పడుతున్నాయి. నాలుగు నిమిషాల్లో ఒక నిమిషం రుబ్బడానికి పోగా 300 మాటలే మిగులుతాయి. 41 వరసల షీట్‌ను పూర్తి వాక్యాలుగా తర్జుమా చేస్తే ఎన్ని మాటలవుతాయో మీరే ఊహించుకోండి.

ఇక్కడే మన డిపార్ట్‌మెంటుకు సంబంధించిన విషయం వస్తుంది. ఇంగ్లీషు షీట్‌ను తర్జుమా చేస్తే వాక్యం ఇలా వస్తుంది: "స్టెయిన్‌లెస్ స్టీలుతో తయారుచేయబడిన, 400 మిల్లీలీటర్ల సామర్థ్యం కలిగిన, పారదర్శకమైన మూత గల చట్నీ జారు ఇందులో ఉంది." వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ దీన్ని చేతిలో జారు పట్టుకుని చదవండి. ఇంగ్లీషులో వస్తువు పేరు ముందు చెప్పి, దాని గుణాలు వెనకాల తగిలించుకుంటూ పోవచ్చు. తెలుగులో విశేషణాలన్నీ ముందుకొచ్చి నిలబడతాయి, నామవాచకం వాటి వెనకెక్కడో ఉంటుంది. చూసేవాళ్ల కంటికి జారు మొదటి క్షణంలోనే కనిపించింది, చెవికి మాత్రం "జారు" అన్న మాట పన్నెండో మాటగా చేరుతోంది. అప్పటికి చేయి రెండో జారు కోసం వెళ్లిపోయి ఉంటుంది. అమ్మ పుట్టిల్లు తమిళం కాబట్టి ఆమెతో తమిళంలో చెప్పించి చూశాను, అక్కడా ఇదే ఇబ్బంది.

దీనికి మందు మనం రోజూ మాట్లాడే తీరులోనే ఉంది. వస్తువు పేరు ముందు అనేసి ఆగాలి, తర్వాత చిన్న చిన్న వాక్యాలు. నేను రాసింది ఇది: "ఇదిగో చట్నీ జారు. చిన్నదే. అంచుదాకా పోస్తే నాలుగు వందల మిల్లీలీటర్లు పడుతుంది, కానీ చట్నీకి సగమే వేసుకోండి. మూతలోంచి లోపల కనిపిస్తుంది, చూశారా?" తర్జుమా వాక్యంలోని సంగతులు చాలావరకు ఇందులో ఉన్నాయి. స్టీలు అన్న మాట వదిలేశాను, అది కంటికి కనిపిస్తోంది కాబట్టి. "అంచుదాకా" అన్న మాట చేర్చాను. ఎందుకంటే షీట్‌లో ఇచ్చే కొలత మామూలుగా జారు మొత్తం పట్టేది, మనం రుబ్బుకోగలిగేది కాదు. పెద్ద జారుకు లీటరున్నర అని ఉంటే, లీటరున్నర పిండి రుబ్బవచ్చు అనుకుని కొనేవాళ్లున్నారు. అందుకే పెద్ద జారు దగ్గర అంకె చెప్పడమే కాకుండా, మాట్లాడుతూ గ్లాసుతో నీళ్లు పోయించాను. ఎక్కడ ఆపాలో గీత మీద వేలు పెట్టి చూపిస్తుంది అత్త. వీడియోలో ఆ చోట ఆరు సెకన్లు మాటే లేదు.

బాడీ బయటికి వచ్చాక మోటారు సంగతులు మొదలవుతాయి. ఇక్కడ బాడీని తిరగేసి అడుగు చూపించమని రాశాను. అడుగున రబ్బరు కాళ్లుంటాయి, వాట్లూ వోల్టులూ రాసిన చిన్న రేకు ఉంటుంది, పక్కన ఎర్ర బొత్తాం ఒకటుంటుంది. షీట్‌లో మూడు వేరువేరు చోట్ల ఉన్న సంగతులు ఒక్క చేతి కదలికలో దొరికాయి. 750 వాట్లు అన్నది కంటికి ఆనే దృశ్యం ఆ రేకే. కానీ అంకె చదివి వదిలేస్తే ఎవరికీ ఏమీ అందదు. 230 వోల్టుల మీద 750 వాట్లంటే మూడు ఆంపియర్ల చిల్లర, కాబట్టి మామూలు చిన్న ప్లగ్గు పాయింటే చాలు, గీజరుకు పెట్టే పెద్దది అక్కర్లేదు. కరెంటు మాటకొస్తే పది నిమిషాలు పూర్తి భారంతో తిప్పినా యూనిట్‌లో ఎనిమిదో వంతు. ఈ రెండు వాక్యాలే స్క్రిప్ట్‌లో పెట్టాను. వోల్టులూ ఆంపియర్లూ పెట్టలేదు.

ఎర్ర బొత్తాం షీట్‌లో "ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్" అన్న ఒకే ఒక్క మాటగా ఉంది, వీడియోలో దానికి ఇరవై సెకన్లు ఇచ్చాను. జారులో మరీ ఎక్కువ వేస్తే మోటారు కాలిపోకుండా ఇది తనంతట తాను ఆపేస్తుంది. జనం మిక్సీ చెడిపోయిందనుకుని అంగడికి మోసుకొస్తారు. స్విచ్చి కట్టేసి, ప్లగ్గు తీసి, జారులోది కొంచెం తగ్గించి, కొన్ని నిమిషాలు చల్లారనిచ్చి, అడుగున ఆ బొత్తాం నొక్కితే చాలు. మామయ్య అంగట్లో రోజూ నోటితో చెప్పే ఈ మాట షీట్‌లో లేదు, ఉండదు కూడా.

రుబ్బే చోటికి వచ్చేసరికి నాకూ నా స్నేహితురాలికీ వాదన జరిగింది. ఆమె అంటుంది, చూసేవాళ్లను చివరిదాకా కూర్చోబెట్టాలంటే గొప్ప విషయాన్ని దాచిపెట్టాలి, ధర ఎంతో చివర్లో చెప్పాలి. నేను ఒప్పుకోను. సహజమైన వరస అంటే సస్పెన్సు వరస కాదు, ప్రశ్నల వరస. వస్తువు చూడగానే ధర ఎంత అన్న ప్రశ్న పుడుతుంది, పుట్టిన చోటే జవాబు ఉండాలి. ధర పెట్టె మీదే అచ్చు వేసి ఉంటుంది, తయారైన నెలా సంవత్సరమూ కూడా. టేపు కోయకముందే వాటి మీద కెమెరా పెట్టమన్నాను. మొదటి పదిహేను సెకన్లలో ఒక ప్రశ్న మాత్రం వదిలాను: "ఇడ్లీకి మినప్పప్పు ఇందులో రుబ్బవచ్చా?" దాని జవాబు దాచిపెట్టినందువల్ల కాదు, నిజంగానే మిక్సీ తిరిగేదాకా చెప్పలేం కాబట్టి ఆలస్యంగా వస్తుంది.

షీట్‌లో వేగం నిమిషానికి 18,000 చుట్లు అని ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో "నో లోడ్". అంటే జారులో ఏమీ లేనప్పుడు. నానిన మినప్పప్పు వేస్తే అంత వేగం ఉండదు. స్క్రిప్ట్ రాసేవాళ్లు మొట్టమొదట పారేసేది ఈ చిన్న అక్షరాలనే, ఎందుకంటే అవి నోటికి అడ్డం పడతాయి. నా మాట ఏమిటంటే, చిన్న అక్షరాలకు చోటు లేకపోతే పెద్ద అంకెకూ చోటు లేదు. 18,000 తీసేసి, పప్పు వేసి తిప్పి, మూత తీసి వేలితో పిండి చూపించాం. వారంటీ కూడా అంతే. షీట్‌లో వస్తువుకు 2 ఏళ్లు, మోటారుకు మాత్రం 5 ఏళ్లు అని ఉంది. "ఐదేళ్ల వారంటీ" అని చెప్పేస్తే వినడానికి బాగుంటుంది, మూడో ఏడు జారు అడుగున కప్లరు అరిగిపోయినప్పుడు మామయ్యతో గొడవ పడడానికి కూడా బాగుంటుంది.

ఇక ఎంతసేపు తిప్పవచ్చు అన్న వరస. షీట్‌లో ఇలా ఉంది: 30 నిమిషాల రేటింగు, 5 నిమిషాలు నడక, 2 నిమిషాలు ఆపు, ఇలా 6 సార్లు. ఇది కొనేవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చే వరస, దీనికే దృశ్యం లేదు. మొదట మోటారు రేకు దగ్గర పెట్టాను, అక్కడ తేలిపోయింది. మోటారు ఇంకా తిరగనప్పుడు ఆపమని చెబితే ఎవరి చెవికీ ఎక్కదు. చివరికి పప్పు రుబ్బి స్విచ్చి కట్టిన చోటికి తెచ్చాను. అత్త అరచెయ్యి బాడీ మీద పెట్టి అంటుంది: "కొంచెం వెచ్చగా ఉంది. ఐదు నిమిషాలు తిప్పారంటే రెండు నిమిషాలు ఆపండి. అలా అరగంట నడిచాక బాగా చల్లారనివ్వండి." బండెడు పిండి రోజూ రుబ్బేవాళ్లకు ఇది సరిపోదు, వాళ్లకు గ్రైండరే మంచిది అన్న వాక్యం కూడా అక్కడే వస్తుంది. అడిగిన ప్రశ్నకు జవాబు అదే కదా.

రాసింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మా అవ్వ ముందు పెట్టె పెట్టి, నేను చదువుతూ ఒక్కొక్కటీ తీశాను. నీకు ఏదైనా అడగాలనిపిస్తే అడుగు అవ్వా, నేను జవాబు చెప్పను, రాసుకుంటాను అన్నాను. ఆమె అడిగిన ప్రశ్నకు తర్వాతి రెండు మూడు వాక్యాల్లోనే జవాబు వచ్చిందంటే వరస కుదిరినట్టు. ముందే చెప్పేసి ఉంటే తొందరపడినట్టు, ఆమె మళ్లీ రెండోసారి అడిగిందంటే ఆలస్యమైనట్టు. తొమ్మిది ప్రశ్నలు అడిగింది. ఐదు కుదిరాయి. రెండింటిని ముందుకు జరిపాను. మిగిలిన రెండూ షీట్‌లో ఎక్కడా లేవు. "తిరిగేటప్పుడు మూత పట్టుకోవాలా?" అన్నది ఒకటి. "వేయించిన మసాలా వేడివేడిగా వేయొచ్చునా పాపా?" అన్నది రెండోది. రెండింటికీ జవాబు పెట్టెలో వచ్చిన పుస్తకంలో, జాగ్రత్తల పేజీలో దొరికింది: మూత మీద చేయి ఉంచాలి, వేడివి వేయకూడదు, ఆవిరికి మూత ఎగిరిపోతుంది. షీట్ ఒక్కటే ముందు పెట్టుకుని స్క్రిప్ట్ రాస్తామనేవాళ్లకు ఇది చెప్పదలచుకున్నాను. వస్తువు ఏమిటో షీట్ చెబుతుంది, దాంతో ఏం చేయకూడదో చెప్పదు.

ఇంకో వాక్యం గురించి పెద్దగా వాదన లేదు గానీ చోటు గురించి ఉంది. వీడియోలో మాట్లాడేది అంగడి యజమాని భార్య, అమ్మేది ఆ అంగడే. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వస్తువును మెచ్చుకునే మనిషికి దానితో లాభం సంబంధం ఉంటే ఆ సంగతి స్పష్టంగా, చూసేవాళ్లు దాటిపోకుండా చెప్పాలి. "ఇది మా అంగట్లో అమ్మే మిక్సీ" అన్న వాక్యాన్ని టేపు కోయకముందే పెట్టాను. చివర్లో పెడితే, రుబ్బడం చూసి వెళ్లిపోయినవాళ్లకు అది అందదు.

మిగిలింది శబ్దం. షీట్‌లో డెసిబెల్ అంకె ఉంది, మంచి అంకె ఏమీ కాదు. నేను దాన్ని రెండో కుప్పలో, అంటే చేసి చూపించేవాటిలో వేశాను. కానీ చేసి చూపించలేం. ఫోనులో రికార్డు చేస్తే పెద్ద శబ్దాన్ని ఫోనే తగ్గించేస్తుంది, చూసేవాళ్లు తమ ఫోను శబ్దం ఎంత పెట్టుకున్నారో మనకు తెలియదు. వీడియోలో ఏ మిక్సీ అయినా మంచిదిలాగే వినిపిస్తుంది. అందుకని మిక్సీ తిరుగుతుండగా అత్త ఏదో చెబుతుంటే, పక్క గదిలోంచి "ఏంటీ?" అని మామయ్య గొంతు వినిపించేలా రాశాను. స్విచ్చి కట్టాక అత్త అంటుంది: "చప్పుడు ఎక్కువే. పసిబిడ్డ నిద్రపోతుంటే తలుపు వేసుకుని తిప్పండి." మామయ్యకు స్క్రిప్ట్ అంతా నచ్చింది. ఈ ఒక్క వాక్యం తీసేయమ్మా, అమ్మే వస్తువు గురించి ఎవరైనా ఇలా చెబుతారా అంటున్నాడు. శనివారం షూటింగు. వాక్యం ఇంకా కాగితం మీదే ఉంది.